ఒంటికాలి జోకును తెలుగులో నిలబెట్టడం

అత్తాపూర్‌లో ఓ అపార్ట్‌మెంట్ సంఘం వినాయక చవితి పందిరి విప్పేశాక, సాయం చేసినవాళ్లందరికీ కృతజ్ఞతలు చెబుతూ నాలుగు వాక్యాలు రాసిందనుకుందాం. రాసినవాళ్ల బుర్రలో మెదిలింది ఇంగ్లిషు నుడికారం: ఎవరికైనా ‘హ్యాండ్’ ఇవ్వడమంటే అక్కడ తోడ్పడటం. దాన్ని ఉన్నదున్నట్టు దించేసి ‘మూడో అంతస్తు మాస్టారు మాకు చెయ్యిచ్చారు’ అని పెడితే, మర్నాటి నుంచి మాస్టారు మెట్ల మీద ఎదురైనా మొహం తిప్పుకుంటారు. తెలుగులో చెయ్యి అందిస్తే సాయం, చెయ్యిస్తే ద్రోహం. ‘హ్యాండిచ్చాడు’ అని ఇంగ్లిషు మాటే వాడినా తప్పించుకోలేరు, ఎందుకంటే ఆ మాట మన వీధుల్లోకి వచ్చాక దానికీ మోసమనే అర్థమే స్థిరపడింది. అందుచేత మక్కికి మక్కి తర్జుమాతో వచ్చే చిక్కు చప్పదనం ఒక్కటే కాదు. ఒక్కోసారి అది మనం చెప్పదలచిన దానికి సరిగ్గా ఎదురు అర్థం చెబుతుంది. మామూలు వాక్యంలో ఈ పొరపాటును పక్కవాక్యాలు కొంత కాపాడతాయి. జోకుకు ఆ అదృష్టం లేదు. రెండు వాక్యాల్లో పని ముగించాల్సినది అది, అందులో ఒక్క మాట పక్కకు జరిగితే మిగిలేది ఏమీ ఉండదు.

ఈ అధ్యాయంలో నేను వాదించబోయేది ఒక్కటే. జోకును తెలుగు చేయాలనుకున్నవాళ్లు మొదటి వాక్యం నుంచి మొదలుపెట్టకూడదు. నవ్వు ఎక్కడ పుడుతోందో ఆ చోటును ముందు పట్టుకుని, అదే పని చేసే తెలుగు మాటను వెతికి, ఆ మాట దగ్గరికి దారితీసేలా కథను వెనక్కి కట్టుకుంటూ రావాలి. తలుపుకు కీలు ఎలాంటిదో జోకుకు ఆ చోటు అలాంటిది. ఇంగ్లిషు కీలును పీకి తెచ్చి తెలుగు తలుపుకు బిగిస్తే తిరగదు. మన కొలతకు సరిపోయే కీలు మన దగ్గరే దొరకాలి.

ఇంగ్లిషులో చాలాకాలంగా నోళ్లలో నానుతున్న ఒక జోకు తీసుకుని చివరిదాకా నడిపి చూద్దాం. ఒకాయన ఇంట్లో ఫ్లెమింగో పక్షిని అనుకరిస్తూ తిరుగుతుంటాడు. భార్య ఆ వేషాలు మానమంటుంది. అప్పుడాయన ‘ఐ హ్యాడ్ టు పుట్ మై ఫుట్ డౌన్’ అంటాడు. ఆ నుడికారానికి అర్థం పట్టు పట్టి నిలబడ్డానని, ఇక లాభం లేదని గట్టిగా చెప్పానని. కానీ ఫ్లెమింగో ఒంటికాలి మీద నిలబడే పక్షి కాబట్టి, మాటకు మాటగా చూస్తే ఆయన చేసింది ఎత్తిన కాలు దించడమే. అంటే పెళ్లాం మాట విన్నాడు, విన్నానని మాత్రం చెప్పుకోవడం లేదు. లొంగిపోవడాన్ని పౌరుషంలా చెప్పుకుంటున్నాడు. ఇందులో నవ్వుకు రెండు అంతస్తులున్నాయి. పైది పదాల చమత్కారం, కిందిది ఆ మనిషి బింకం. చాలామంది పైదాన్నే చూసి ఆగిపోతారు. నిజానికి జోకును మోస్తున్నది కిందిది.

మక్కికి మక్కిగా ‘చివరికి నేను కాలు కింద పెట్టాల్సి వచ్చింది’ అని రాసి చూడండి. తెలుగు పాఠకుడికి ఇక్కడ ‘కాలు కింద పెట్టనివ్వకుండా చూసుకోవడం’ అనే నుడికారం తగులుతుంది. అల్లుడిని అత్తవారు, గారాల బిడ్డను అమ్మమ్మ చూసుకునే తీరు అది. దాంతో ఆయన ఇన్నాళ్లూ రాజభోగం అనుభవించి ఇప్పుడు పనిలోకి దిగాడేమోనన్న అనుమానం వస్తుంది. జోకు పేలకపోవడమే కాకుండా మరో కథలోకి వెళ్లిపోయింది. ఈ ప్రమాదాన్ని ముందే కనిపెట్టడానికి ఒక మార్గం ఉంది. మీరు రాసిన చివరి వాక్యాన్ని విడిగా, జోకు తెలియని మనిషికి చదివి వినిపించి, దీనికి అర్థమేమిటని అడగండి. అతను చెప్పిన అర్థం మీకు కావలసిన రెండింటిలో ఏదీ కాకపోతే ఆ వాక్యాన్ని వదిలేయాలి.

ఇప్పుడు పక్షి సంగతి. ఫ్లెమింగోను మన పత్రికలు రాజహంస అంటాయి. పులికాట్ సరస్సుకు ఏటా వచ్చే ఈ పక్షుల పేరుతో సూళ్లూరుపేటలో పండగ కూడా చేస్తారు. వాడుక ప్రకారం చూస్తే ఆ మాటే సరైనది. జోకుకు మాత్రం పనికిరాదు. రాజహంస అనగానే మనకు నడక గుర్తొస్తుంది, సొగసు గుర్తొస్తుంది, కావ్యనాయిక గుర్తొస్తుంది. ఒంటికాలు గుర్తుకు రాదు. తెలుగువాడి కంటికి ఒంటికాలి మీద నిలబడే పక్షి ఏదంటే కొంగ. మూసీ ఒడ్డున కనిపించేది అదే, సామెతల్లో దొంగజపం చేసేదీ అదే. కాబట్టి రాజహంస పోయి కొంగ వచ్చింది. నిఘంటువు లెక్కలో ఇది తప్పు, నవ్వు లెక్కలో ఒప్పు.

పక్షి కుదిరాక కీలు వెతకాలి. కాగితం మీద కాలితో ముడిపడిన తెలుగు నుడికారాలన్నీ రాసుకోవాలి. ఈ పనిలో మొహమాటపడకూడదు, పనికిరావనిపించినవి కూడా రాయాలి. కాలు దువ్వడం, కాలు జారడం, కాలికి బుద్ధి చెప్పడం, కాళ్లు పట్టుకోవడం, కాళ్ల బేరానికి రావడం, ఒంటికాలి మీద లేవడం, తన కాళ్ల మీద తాను నిలబడటం. ఈ జాబితాలో ఆఖరి మూడింటిని పట్టించుకోవాలి. మూడింటికీ పైకి ఒక అర్థం, లోపల ఒక అర్థం ఉన్నాయి. మూడింటిలోనూ కాళ్ల లెక్క ఉంది.

మొదటి ప్రయత్నం: ‘ఇంట్లో కొంగలా నిలబడి చూపిస్తుంటే మా ఆవిడ ఒంటికాలి మీద లేచింది.’ పేలుతుంది. కోపంతో విరుచుకుపడిందన్నది ఒక అర్థం, ఆవిడ కూడా కొంగ అయిపోయిందన్నది రెండో అర్థం. పొట్టిగా ఉంది, చమత్కారం ఉంది. అయితే మూలంలోని బింకం పోయింది. నవ్వు భర్త మీద నుంచి భార్య మీదికి జారింది. కోపిష్టి పెళ్లాం జోకులు మన దగ్గర ఇప్పటికే కావలసినన్ని ఉన్నాయి. రెండో ప్రయత్నం: ‘కొంగ వేషం మానమని మా ఆవిడ పోరింది. ఒంటికాలి మీద నిలబడి వాదించాను గానీ, చివరికి కాళ్ల బేరానికి వచ్చాను.’ ఇక్కడ భర్తే నవ్వులపాలవుతున్నాడు, ఒక కాలు రెండు కాళ్లయింది కూడా. కానీ ఓడిపోయానని ఒప్పేసుకున్నాడు. ఒప్పుకున్నవాడి మీద జాలి కలుగుతుంది, కొంత నవ్వొస్తుంది, మూలంలోని గడుసుదనం మాత్రం రాదు. మూడోది: ‘ఇంట్లో కొంగలా నిలబడటం మానమని మా ఆవిడ ఒకటే పోరు. ఇక లాభం లేదని, నా కాళ్ల మీద నేను నిలబడ్డాను.’ స్వతంత్రుణ్ణయ్యానని చాటుకుంటున్నాడు, చేసింది మాత్రం చెప్పినట్టు రెండో కాలు దించడం. బింకం తిరిగొచ్చింది. మూల వాక్యంలోని మాటల్లో దాదాపు ఏదీ మిగల్లేదు, జోకు మాత్రం పూర్తిగా మిగిలింది. నా తీర్పు మూడోదానికే. మొదటిది ఎక్కువమందిని వెంటనే నవ్వించే అవకాశం ఉందని ఒప్పుకుంటాను. మీకు కావలసింది ఆ క్షణపు నవ్వే అయితే అదే వాడుకోండి, కానీ అది వేరే జోకు అని తెలిసి వాడుకోండి.

అన్ని జోకులకూ ఇంత వెతుకులాట అక్కర్లేదు. కొన్నిటిలో పదాల చమత్కారం పైపూత మాత్రమే, లోపల నడిచేది సన్నివేశం. ఇంగ్లిషులో ఇంకొక ప్రసిద్ధమైన జోకు ఉంది. చేసిన తప్పులను ‘ఎంబ్రేస్’ చేసుకోవాలని భర్త హితవు చెబుతాడు, ఆవిడ వచ్చి అతన్ని కౌగిలించుకుంటుంది. ఆ మాటకు మనస్ఫూర్తిగా అంగీకరించడమనీ, కౌగిలించుకోవడమనీ రెండర్థాలు. అలాంటి జంట అర్థం తెలుగులో ఒక్క మాటకు దొరకదని కొందరు ఇక్కడే చేతులెత్తేస్తారు. కానీ నవ్వు కౌగిలిలో లేదు. మాటతో కాకుండా చేతతో ఆమె జవాబివ్వడంలో ఉంది, ఆ జవాబుకు ‘నా తప్పు నువ్వే’ అని అర్థం రావడంలో ఉంది. అది పట్టుకుంటే దారి సులువే: ‘చేసిన తప్పేమిటో ఓసారి చూసుకో అన్నాను. నన్ను ఎగాదిగా చూసింది.’ కౌగిలి పోయి చూపు వచ్చింది. ఉపదేశం ఇచ్చినవాడు అలాగే దొరికిపోయాడు. మనకు ‘చూసుకో’, ‘చూసింది’ అనే మామూలు క్రియలు చాలాయి.

ఈ రెండో జోకు మరో సంగతి కూడా చూపిస్తుంది. తెలుగు వాక్యం క్రియతో ముగుస్తుంది. జోకుకు ఇది వరం, ఎందుకంటే పేలాల్సిన మాటను చివర పెట్టడానికి భాషే సాయపడుతోంది. ఈ వరాన్ని తర్జుమాలు రెండు రకాలుగా పాడుచేస్తాయి. ఇంగ్లిషు వరసను కాపాడాలన్న పట్టుదలతో ‘ఆమె నన్ను ఎగాదిగా చూసింది, నేను తప్పేమిటో చూసుకోమన్నప్పుడు’ అని రాయడం ఒకటి. నవ్వు సగంలో వచ్చేసి, మిగతా సగం మర్యాదకు వినాల్సి వస్తుంది. రెండోది ఇంతకన్నా మామూలు. జోకు చివర ఎవరైనా మాట్లాడితే ‘అని ఆమె తన భర్తతో చెప్పింది’ అనే తోక తగిలించడం. పాఠకుడు నవ్వబోయే సమయానికి ఆ తోక వాక్యాన్ని ఇంకా సాగదీస్తుంది. మాట్లాడేవారి పేరు ముందే చెప్పేయండి, లేదా సంభాషణను విడి వాక్యాలుగా విడగొట్టేయండి. తెలుగులో ఎవరన్నారో క్రియ రూపమూ, ఎవరితో అన్నారో సందర్భమూ చాలావరకు చెబుతాయి కాబట్టి ‘నేను’, ‘నాతో’, ‘ఆమె’లను కూడా సగం తీసేయొచ్చు. ‘నా భార్య నాతో చెప్పింది’ అని తెలుగువాడెవడూ కబుర్లలో అనడు. ‘మా ఆవిడ అంది’ అంటాడు, తెలంగాణలో చాలా ఇళ్లలో ‘మా ఇంటామె అన్నది’ అంటారు. ఆ ఒక్క మాటతోనే జోకు అనువాదంలా కాక ఇరుగుపొరుగు కబురులా వినిపిస్తుంది. అయితే మీది కాని యాసను జోకు కోసం అరువు తెచ్చుకోవద్దు. యాస తెలిసినవాళ్లు మొదటి క్రియ దగ్గరే పట్టేస్తారు, అప్పుడు నవ్వు జోకు మీద రాదు.

జోకు నుంచి నుడికారానికి వస్తే కొలత కొద్దిగా మారుతుంది. మందబుద్ధి మనిషిని గురించి ఇంగ్లిషులో ‘పనిముట్ల గదిలో మరీ పదునైన పనిముట్టేమీ కాదు’ అంటారు. దీన్ని ‘మొద్దు’ అనో, హైదరాబాదీలో ‘హౌలాగాడు’ అనో తెలుగు చేస్తే అర్థం వస్తుంది, హాస్యం పోతుంది. తిట్టకుండా తిట్టడమే ఆ నుడికారపు పని. కాబట్టి కావలసింది అదే మర్యాదతో వాత పెట్టే మాట. ‘తెలివి తెల్లారినట్టే ఉంది’ అన్నది మనకు తరతరాలుగా ఉంది, చాలా చోట్ల చక్కగా సరిపోతుంది. కానీ రాసేది అత్తాపూర్ వాళ్ల కోసమైతే ఇంకా దగ్గరి మాట ఒకటి అల్లవచ్చు. 2009లో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11 కిలోమీటర్లకు పైగా పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే వచ్చినప్పటి నుంచి, దాని కింద ఉన్న ఈ ప్రాంతంలో దుకాణాలు, ఆసుపత్రులు, ఫంక్షన్ హాళ్లు తమ చిరునామాను పిల్లర్ నంబరుతోనే చెబుతున్నాయి. విమానాశ్రయానికి పోయేవాళ్లు పైన పోతుంటే, కింద ఉన్నవాళ్లు స్తంభాలు లెక్కపెట్టుకుంటారు. ఇంతకన్నా తేలికైన గుర్తు ఇంకోటి ఉండదు. అందుకే ‘పిల్లర్ నంబర్ చెప్పినా ఇల్లు దొరకని మనిషి’ అంటే చాలు, మొద్దు అన్న మాట రాకుండానే ఆ పని జరిగిపోతుంది.

స్థానికపు మాటకు హద్దు ఉంది. శ్రీకాకుళంలోనో డాలస్‌లోనో ఉన్న తెలుగువారికి ఈ పిల్లర్ల సంగతి తెలియకపోవచ్చు. అయినా ఇది కొంతవరకు నడుస్తుంది, కారణం నంబరు చెప్పినా దొరకలేదన్న పోలిక వాక్యంలోనే ఉంది. ‘ఆరాంఘర్ చౌరస్తా సాయంత్రం ఖాళీగా ఉన్న రోజున నీ బాకీ తీరుస్తా’ అన్నదీ అంతే. ఆ చౌరస్తా ఎప్పుడూ చూడనివాడికి కూడా అక్కడి రద్దీ వాక్యమే చెప్పేస్తుంది. ఇంగ్లిషువాళ్లు పందులు ఎగిరిన రోజున అని చెప్పే మాటకు ఇది ఇక్కడి సాటి. కుందేటి కొమ్ము మనకు పాతదే ఉంది గానీ, అది ఇప్పుడు పుస్తకాల వాసన కొడుతుంది. స్థానికపు పేరును వాక్యం తనంతట తానే అర్థం చేయించలేకపోతే మాత్రం ఆ మాటను ఆ వీధి దాటించకూడదు.

ఇదంతా అనువాదమా, మూలానికి ద్రోహమా అని అడిగేవారుంటారు. వారి ప్రశ్న న్యాయమైనదే, కానీ తెలుగులో హాస్యం ఈ దారినే వచ్చింది. కందుకూరి వీరేశలింగం షేక్‌స్పియర్ ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ను ‘చమత్కార రత్నావళి’గా తెలుగు చేశారు. ఆ పేరు చూస్తేనే తెలుస్తుంది, మూలం పేరులోని ఒక్క మాటనూ ఆయన మోసుకురాలేదు. ఆ షేక్‌స్పియర్ కూడా ఆ కథను లాటిన్ నాటకకర్త ప్లాటస్ దగ్గర తీసుకుని, ఒక కవల జంట ఉన్నచోట రెండు జంటలు పెట్టాడు. ముళ్లపూడి వెంకటరమణ జూల్స్ వెర్న్ నవలను తెలుగు చేస్తూ దానికి పెట్టిన పేరు ‘ఎనభై రోజుల్లో భూప్రదక్షిణం’. ‘ప్రపంచం చుట్టూ’ అంటే అర్థానికి లోటు ఉండేది కాదు. ‘ప్రదక్షిణం’ అనడంతో ఓ ఇంగ్లిషు దొర పందెం కోసం పరుగెత్తడం గుడి చుట్టూ తిరిగినట్టయింది, పుస్తకం తెరవకముందే పెదవి మీద నవ్వొచ్చింది. మూలానికి విధేయత అంటే మూలం చేసిన పని చేయడమని ఈ పెద్దల రాతల్లో కనిపిస్తుంది.

అయినా ఆ ప్రశ్నలో నిజం ఉన్న చోటు ఒకటుంది. జోకు ఫలానా వారు అన్నది అయితే, చర్చిల్ అన్నాడనో బెర్నార్డ్ షా అన్నాడనో మీరు రాస్తుంటే, కొంగలనూ పిల్లర్లనూ వారి నోట పెట్టే హక్కు మీకు లేదు. అక్కడ రెండే దారులు. అన్నది అన్నట్టు చెప్పి చప్పదనాన్ని భరించడం, లేదా పేరు తీసేసి ఆ జోకును తెలుగు జోకుగా చెప్పుకోవడం. పేరూ ఉంచి, మాటా మార్చడం అబద్ధం.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. మొసలి కన్నీరు, తెల్ల ఏనుగు, సింహభాగం ఇవన్నీ ఇంగ్లిషు నుంచి మక్కికి మక్కిగా దిగినవే కదా, అవి నిలబడలేదా అని. నిలబడ్డాయి. ఎలా నిలబడ్డాయో చూడాలి. ఇవి జోకులు కావు, బొమ్మలు. మొసలి మనకు గజేంద్రుడి కాలు పట్టుకున్న నాటి నుంచి తెలుసు, సింహం పంచతంత్రం నుంచే తెలుసు. బొమ్మ అర్థమైతే అర్థం వెనకాలే వస్తుంది. పైగా పత్రికలు వీటిని ఏళ్ల తరబడి రోజూ వాడి మనకు అలవాటు చేశాయి. చమత్కారం ఒక మాటకున్న రెండర్థాల మీద నిలబడినప్పుడు ఆ అవకాశం లేదు, రెండో అర్థం ఆ భాషలోనే ఉండిపోతుంది. జోకుకు ఏళ్ల గడువు కూడా ఉండదు. చదివిన ఆ రెండు క్షణాలే దాని ఆయుష్షు.

హైదరాబాద్‌లో అందరికీ ఇంగ్లిషు వచ్చు, జోకును తెలుగు లిపిలో అలాగే రాసేస్తే పోలా అన్నది మూడో మాట. కొన్నిసార్లు నిజంగానే పోతుంది. సీను, లైను, బిల్డప్పు, కటింగు లాంటి మాటలకు తెలుగులో సొంత బతుకు ఉంది. ‘అంత సీను లేదు’ అన్నదాన్ని ఏ ఇంగ్లిషువాడూ అర్థం చేసుకోలేడు, మనలో చదువురానివారికీ తెలుసు. కీలు అలాంటి మాట మీద పడితే దాన్నే వాడండి. కానీ పాఠకుడు ముందు మనసులో ఇంగ్లిషు వాక్యాన్ని కట్టుకుని, తర్వాత నవ్వాల్సి వస్తే అది లిపి మారిన ఇంగ్లిషే. అంత కష్టపడి నవ్వేవారు మూలాన్నే చదువుకుంటారు.

కొన్ని జోకులు రావు. ఇంగ్లిషులో కాలం బాణంలా ఎగురుతుందని ఒక వాక్యం, దాని వెనకే అదే అచ్చులో పళ్ల ఈగలు అరటిపండును ఇష్టపడతాయని మరో వాక్యం చెప్పే జోకు ఉంది. ‘ఫ్లైస్’, ‘లైక్’ అన్న రెండు మాటలూ ఒకేసారి క్రియగానూ వేరే పదజాతిగానూ మారడం మీద అది నిలబడింది. విభక్తులతో మాటల సంబంధాన్ని తేటతెల్లం చేసే తెలుగులో ఆ తికమకకు చోటు లేదు. దీని మీద కూర్చుని రెండు రోజులు పాడుచేసుకోవద్దు. వదిలేయాలో వద్దో తేల్చే గుర్తు తేలిక. మీ తెలుగు జోకు చెప్పి వెంటనే ‘ఇంగ్లిషులో అయితే ఇది ఇలా ఉంటుంది’ అని వివరించాలనిపిస్తే, ఆ జోకు ఇంకా తెలుగులోకి రాలేదు. దాన్ని పక్కన పెట్టి మరొకటి ఎంచుకోండి. ఎంచుకున్నప్పుడు మాత్రం ముందుగా చివరి మాట రాయండి.